రియాద్ ఆదివారం, బెంగళూరు శుక్రవారం: రెండు వారాంతాల మధ్య పని నడిపే పద్ధతి

గురువారం రాత్రి ఏడున్నర. మారతహళ్లి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ ఇంకా తగ్గలేదు. అదే నిమిషానికి రియాద్‌లో సాయంత్రం ఐదు, అక్కడి ఆఫీసుకు ఈ వారం పని అయిపోయింది. ఇక్కడ ఎవరో "చిన్న డౌటు, రేపు పొద్దున అడుగుదాంలే" అనుకుని ల్యాప్‌టాప్ మూస్తారు. ఆ చిన్న డౌటుకు జవాబు చేతికొచ్చేది సోమవారం.

ఎలాగంటే, శుక్రవారం ఉదయం పదింటికి పంపిన మెయిల్‌ను రియాద్‌లో తెరిచేది ఆదివారం ఉదయం తొమ్మిదికి, అంటే మన పదకొండున్నరకు. వాళ్లు వెంటనే జవాబిచ్చినా ఆరోజు మనకు సెలవు. అదే ప్రశ్న గురువారం మధ్యాహ్నం నాలుగింటికి అడిగితే అరగంట పని. రెండు ఊళ్ల మధ్య కాలభేదం రెండున్నర గంటలే కాబట్టి అమెరికా క్లయింటు కన్నా ఇది సులువని కొత్త టీములు అనుకుంటాయి. ఇక్కడ దెబ్బకొట్టేది గడియారం కాదు, వారం.

బెంగళూరు నుంచి సౌదీ క్లయింటుకు సాఫ్ట్‌వేర్ సపోర్టు, రిలీజులు చేసే టీముకు వారాన్ని ఎలా అమర్చుకోవాలో కింద వరసగా ఉంది. కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమాన్ క్లయింట్లకూ ఇది చాలావరకు సరిపోతుంది. ఆయా దేశాల గంటలు, పండుగలు మాత్రం మార్చుకోవాలి.

1. ముందు క్లయింటు వారాన్ని రాతపూర్వకంగా తెలుసుకోండి

"గల్ఫ్ అంటే శుక్ర, శని సెలవు" అనే మాట ఇప్పుడు సగమే నిజం. సౌదీ 2013 జూన్ చివరి వరకూ గురు, శుక్రవారాలు సెలవు తీసుకునేది, ఆ తర్వాత శుక్ర, శనికి మారింది. మనతో కలిసే రోజులు అప్పుడు మూడే ఉండేవి, ఇప్పుడు సోమ నుంచి గురు దాకా నాలుగు. యూఏఈలో 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా పని, శని ఆదివారాలు సెలవు. ప్రైవేటు కంపెనీలు కూడా చాలావరకు శని, ఆదివారాలకే మారాయి. అదే దేశంలో షార్జా ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, శని, ఆది మూడూ సెలవే. మలేషియాలో జొహోర్ రాష్ట్రం 2025 జనవరి 1న శని, ఆదివారాలకు మారింది, కెడా, కెలంతాన్, తెరెంగ్గాను మాత్రం శుక్ర, శనిలోనే ఉన్నాయి. బ్రూనైలో ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం, ఆదివారం సెలవు, మధ్యలో శనివారం పని!

అందుకే దేశం పేరు చూసి క్యాలెండర్ నింపకండి. క్లయింటు వైపు మూడు విషయాలు అడగండి: ఆఫీసు ఏ రోజుల్లో, ఏ గంటల్లో తెరిచి ఉంటుంది, మన సాఫ్ట్‌వేర్ వాడే బ్రాంచీలో, గోదాములో, దుకాణాల్లో అవే రోజులా, ఆమోదం ఇవ్వాల్సిన మనిషి ఏ ఊళ్లో కూర్చుంటాడు. రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. సౌదీలో శనివారం కూడా పనిచేసే సంస్థలున్నాయి. ఐటీ విభాగానికి సెలవైనా గోదాము తెరిచి ఉంటే, మీరు ఖాళీ అనుకున్న శనివారం బిల్లింగ్ నడుస్తూనే ఉంటుంది. మూడో ప్రశ్న ఎందుకంటే, వాడేవాళ్లు రియాద్‌లో, ఆమోదించే మేనేజరు దుబాయ్‌లో ఉంటే ఆదివారం పని మొదలవుతుంది కానీ ఎస్ చెప్పే మనిషి ఉండడు.

2. ఉమ్మడి గంటలు లెక్కకట్టండి

రియాద్ ఆఫీసు తొమ్మిది నుంచి ఐదు అనుకుందాం. మనకది పదకొండున్నర నుంచి రాత్రి ఏడున్నర. బెంగళూరు టీము తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా ఉంటే, కలిసేది పదకొండున్నర నుంచి ఆరున్నర, అంటే ఏడు గంటలు. అందులో మన భోజనం ఒంటిగంట నుంచి రెండు. వాళ్ల నమాజు, భోజనం పన్నెండు నుంచి ఒంటిగంట అనుకుంటే మనకు రెండున్నర నుంచి మూడున్నర. మిగిలేది రోజుకు ఐదు గంటలు, నాలుగు రోజులకు ఇరవై. నలభై గంటల వారంలో సరిగ్గా సగం. ప్లానింగంతా ఈ ఇరవై గంటల మీదే నడవాలి.

ఈ ఇరవై గంటలను మీటింగులతో నింపేస్తే టీము ఆరున్నర తర్వాత పనిచేయడం మొదలుపెడుతుంది. వారానికి రెండు మీటింగులు చాలు. సోమవారం పదకొండున్నరకు ఒకటి, ఆదివారం అక్కడ పోగైన వాటిని తేల్చడానికి. బుధవారం మూడున్నరకు రెండోది, నిర్ణయాల కోసం. గురువారం సాయంత్రం మాత్రం వద్దు. ఆ మీటింగులో "ఒకసారి మా ఫైనాన్సు వాళ్లను అడిగి చెప్తా" అన్నారంటే ఆ అడగడం ఆదివారమే. బుధవారం అదే మాట అంటే మర్నాటికల్లా తేలుతుంది.

ఔట్‌లుక్‌లోనూ గూగుల్ క్యాలెండర్‌లోనూ ఎవరి పనిదినాలు వాళ్లు పెట్టుకునే వీలుంది. ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్లు ఆ వారానికి తమ సెట్టింగు మార్చుకోవాలి. లేకపోతే క్లయింటు వాళ్లు క్యాలెండర్‌లో ఆదివారాన్ని బూడిద రంగులో చూసి, ఎవరూ లేరనుకుని, వాట్సాప్‌లో మేనేజరుకు ఫోన్ కొడతారు.

3. "వర్కింగ్ డే" అంటే ఏమిటో ఒప్పందంలో తేల్చండి

తగాదాలన్నీ పుట్టేది ఇక్కడే, కాబట్టి ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. 2026 సెప్టెంబరు 10, గురువారం. క్లయింటు ఒక మార్పు కోరాడు. ఒప్పందంలో "ఐదు పనిదినాల్లో ఇవ్వాలి" అని మాత్రమే ఉంది. ఎవరి పనిదినాలో లేదు.

రియాద్ లెక్కన మర్నాటి నుంచి శుక్ర, శని వదిలేస్తే ఆది 13, సోమ 14, మంగళ 15, బుధ 16, గురు 17. గడువు 17. బెంగళూరు లెక్కన శుక్రవారం 11 ఒకటి, తర్వాత శని, ఆది సెలవు. సోమవారం 14 వినాయక చవితి, ఆఫీసు మూత. అక్కణ్నుంచి 15, 16, 17, 18. గడువు శుక్రవారం 18. చూడ్డానికి ఒక్కరోజు తేడాయే. కానీ 18న మీరు పంపింది రియాద్‌లో తెరిచేది 20, ఆదివారం. మన దృష్టిలో సమయానికి ఇచ్చాం, వాళ్ల దృష్టిలో మూడు రోజులు ఆలస్యం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక మూడో లెక్క. ఇద్దరూ పనిచేసే రోజులే లెక్కపెడితే 15, 16, 17, తర్వాత 21, 22. గడువు మంగళవారం 22. ఆ మర్నాడు, సెప్టెంబరు 23, సౌదీ జాతీయ దినోత్సవం, అక్కడ సెలవు. 22న ఒక్కరోజు జారితే 24కు పోతుంది, అది మళ్లీ గురువారం.

మూడింటినీ ఎక్సెల్‌లో ఇలా తీయవచ్చు. గూగుల్ షీట్స్‌లో కూడా ఇవే పనిచేస్తాయి. A2లో మొదటి తేదీ, Fలో సౌదీ సెలవులు, Gలో బెంగళూరు సెలవులు, Hలో రెండూ కలిపి ఉంచండి.

```
=WORKDAY.INTL(A2,5,7,F2:F20)
=WORKDAY.INTL(A2,5,1,G2:G20)
=WORKDAY.INTL(A2,5,"0000111",H2:H40)
```

మూడో స్థానంలో 7 అంటే శుక్ర, శని సెలవు, 1 అంటే శని, ఆది సెలవు. ఏడంకెల వరస సోమవారంతో మొదలవుతుంది, 1 ఉన్న రోజు సెలవు. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్యే రాయాలి, లేకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాలను తీసేసి మామూలు అంకెగా చదువుతుంది. పాత షీట్లలో `INTL` లేకుండా `WORKDAY` అని మాత్రమే ఉంటుంది. దానికి శని, ఆదివారాలు తప్ప మరో వారాంతం తెలియదు, ఎర్రర్ కూడా చూపదు. కనిపెట్టే ఉపాయం ఒకటుంది. ఏదైనా గురువారం తేదీ వేసి ఒక పనిదినం కలపండి. శుక్రవారం వచ్చిందంటే ఆ షీటు రియాద్ క్లయింటుకు పనికిరాదు.

మూడింట్లో ఏది ఒప్పుకోవాలి? ఇద్దరూ కలిసి తేల్చాల్సిన పనులకు, అంటే టెస్టింగు, ఆమోదం లాంటి వాటికి ఉమ్మడి రోజుల లెక్కే న్యాయం. సిస్టమ్ పడిపోయిందన్న టికెట్‌కు మాత్రం అది చెల్లదు, అక్కడ క్లయింటు వారమే లెక్క. ఆదివారం ఉదయం బిల్లింగ్ ఆగిపోతే "మా వారం రేపు మొదలవుతుంది" అనే జవాబును ఏ క్లయింటూ ఒప్పుకోడు. జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్ వాడుతుంటే ఎస్ఎల్ఏకు రెండు క్యాలెండర్లు పెట్టండి. అత్యవసర టికెట్లకు రియాద్ టైమ్‌జోన్‌లో ఆది నుంచి గురు, మిగతావాటికి సోమ నుంచి గురు.

మెయిళ్లలో మాట కూడా మార్చుకోవాలి. "ఎండ్ ఆఫ్ ద వీక్" అంటే వాళ్లకు గురువారం, మనకు శుక్రవారం. శనివారం రాసిన మెయిల్‌లో "నెక్స్ట్ వీక్" అంటే వాళ్లకు రేపే. తేదీ, వారం, గంట, ఊరు నాలుగూ రాయడం అలవాటు చేసుకోండి: "17 సెప్టెంబరు గురువారం, రియాద్ మధ్యాహ్నం 2".

4. ఆదివారం ఎవరు కూర్చుంటారు

ఆదివారానికి ఒక్కరు చాలు, కానీ ఆ ఒక్కరికి అధికారం ఉండాలి. చాలా టీముల్లో ఆదివారం కుర్చీలో కొత్తగా చేరిన అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెడతారు. ప్రొడక్షన్ యాక్సెస్ ఉండదు. టికెట్ తీసుకుని "సోమవారం చూస్తాం" అని రాయడమే పని. దానికి మనిషెందుకు, ఆటో రిప్లై సరిపోతుంది. సర్వీసు రీస్టార్ట్ చేయడం, ముందు వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం, ఫోన్‌లో ఒక సీనియర్‌ను లేపడం, ఈ మూడు హక్కులూ లేనివాళ్లను రోస్టర్‌లో వేయకండి.

గంటలు: బెంగళూరు పదిన్నర నుంచి రాత్రి ఏడున్నర. మొదటి గంట రాత్రి నడిచిన జాబ్‌లు చూడటానికి, పదకొండున్నర నుంచి వాడకం మొదలవుతుంది. వారాంతమంతా మూసి ఉన్నవి ఆరోజు ఒక్కసారిగా తెరుచుకుంటాయి కాబట్టి లాగిన్ సమస్యలు, పాస్‌వర్డ్ గడువులు ఎక్కువగా ఆ మొదటి రెండు గంటల్లోనే వస్తాయి.

కాంప్ ఆఫ్ ఎప్పుడివ్వాలన్నది అసలు చిక్కు. సోమవారం ఇస్తే తప్పు, ఎందుకంటే ఆదివారం జరిగింది తెలిసిన మనిషి పదకొండున్నర మీటింగులో ఉండడు. శుక్రవారమే సరైన రోజు, క్లయింటుకూ సెలవు కాబట్టి. అయితే ముందు శుక్రవారమా, తర్వాతదా? ముందు శుక్రవారం ఇస్తే శుక్ర, శని రెండు రోజులు విశ్రాంతి దొరుకుతుంది, తర్వాత ఆది నుంచి శుక్ర దాకా వరసగా ఆరు రోజులు పని. తర్వాతి శుక్రవారం ఇస్తే ముందు ఒక్క శనివారమే సెలవు, కానీ చివర్లో శుక్ర, శని, ఆది మూడూ కలిసొస్తాయి. కర్నూలు, విజయవాడ, నెల్లూరు వెళ్లే మనవాళ్లు నూటికి తొంభైమంది రెండోదే అడుగుతారు. గురువారం రాత్రి మడివాళ దగ్గర బస్సెక్కితే శుక్రవారం రాత్రి ఉండే రద్దీ ఉండదు. అడిగినవాళ్లకు అదే ఇవ్వండి, కానీ ఒకే మనిషికి వరసగా రెండు ఆదివారాలు వేయకండి. అలా వేస్తే మొదటి డ్యూటీకి కలిసొచ్చే మూడు రోజుల్లో ఆదివారం పోయి శుక్ర, శని రెండే మిగులుతాయి.

రోస్టర్‌ను కనీసం 70 రోజుల ముందు ఖాయం చేయండి. రైల్వే రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ తర్వాత రోస్టర్ వేస్తే టికెట్లు తీసుకున్నవాళ్లందరూ మార్పిడి కోసం తిరుగుతారు. సంక్రాంతికి ఈ సమస్య రెట్టింపు. బెంగళూరు ఆఫీసు ఇచ్చేది ఒక్కరోజు, తెలుగువాళ్లకు కావలసింది భోగి, సంక్రాంతి, కనుమ మూడూ. రియాద్‌కు అవి మామూలు పనిదినాలు. టీములో సగం మంది మనవాళ్లయితే ఆ వారం కన్నడ, తమిళ సహోద్యోగులతో ముందే మాట్లాడి, దీపావళికో ఓణానికో బదులు తీర్చుకోండి.

5. రిలీజ్ గురువారం రాత్రి, సంతకం మధ్యాహ్నమే

సాఫ్ట్‌వేర్ లోకంలో "శుక్రవారం రిలీజ్ వద్దు" అనేది వేదవాక్కు. రియాద్ క్లయింటు విషయంలో దాన్ని మర్చిపోవచ్చు. గురువారం రాత్రి ఏడున్నర తర్వాత అక్కడ వాడేవాళ్లు తగ్గిపోతారు. శుక్రవారం మన టీమంతా ఆఫీసులో ఉంటుంది, సరిదిద్దుకోవడానికి పూర్తి రోజు దొరుకుతుంది. అసలు వాడకం ఆదివారం ఉదయమే.

చిక్కల్లా ఒక్కటే. శుక్రవారం తేడా కనిపిస్తే వెనక్కి వెళ్లడానికి అనుమతి ఇచ్చే మనిషి దొరకడు. అందుకే అనుమతి రెండు ముక్కలుగా ముందే తీసుకోండి. గురువారం రియాద్ మధ్యాహ్నం రెండు, మన నాలుగున్నర లోపు రిలీజ్‌కు ఆమోదం. అదే మెయిల్‌లో "శనివారం రాత్రి పదింటి లోపు ఫలానా మూడు పరీక్షల్లో ఏదైనా తప్పితే బెంగళూరు టీము మళ్లీ అడగకుండా పాత వెర్షన్‌కు మార్చవచ్చు" అన్న వాక్యం. పరీక్షల పేర్లు అందులో ఉండాలి. "పెద్ద సమస్య వస్తే" అని రాస్తే, ఆదివారం అది పెద్దదా చిన్నదా అన్న చర్చతోనే గడుస్తుంది.

రాత్రి జాబ్‌ల షెడ్యూలును కూడా ఈ సందర్భంలోనే చూడండి. క్రాన్‌లో ఆదివారం 0. సర్వర్ యూటీసీలో ఉంటే రియాద్ ఉదయం ఆరు అంటే అక్కడ మూడు.

```
0 3 * * 0-4
0 22 * * 6,0-3
```

మొదటి వరస రియాద్‌లో ఆది నుంచి గురు దాకా ఉదయం ఆరింటికి. రెండోది అవే రోజుల్లో తెల్లవారుజాము ఒంటిగంటకు. అప్పటికి యూటీసీలో ఇంకా ముందురోజు రాత్రి పదే కాబట్టి రోజులు ఒకటి వెనక్కి జరిగి శనివారంతో మొదలయ్యాయి. వేరే ప్రాజెక్టు నుంచి `1-5` అని అలాగే తెచ్చుకుంటే ఆదివారం రిపోర్టు రాదు, శుక్రవారం ఖాళీ రిపోర్టు వస్తుంది. ఖాళీ రిపోర్టు మీద ఎవరూ ఫిర్యాదు చేయరు కనుక ఈ తప్పు నెలలు దాక్కుంటుంది. శుక్రవారం లాగ్‌లో సున్నా వరసలు కనిపిస్తే ముందు ఇదే వెతకండి.

6. డబ్బు కూడా ఇదే వారంలో ఇరుక్కుంటుంది

బిల్లు డాలర్లలో ఉంటే మూడు దేశాల బ్యాంకులు తెరిచి ఉండాలి. రియాద్‌లో గురువారం మధ్యాహ్నం బ్యాంకు గడువు దాటాక ఆమోదించిన చెల్లింపు ఆదివారం కదులుతుంది. ఆరోజు న్యూయార్క్ మూత. సోమవారం అక్కడ దాటి, మన ఖాతాలో తరచుగా మంగళవారం కనిపిస్తుంది. మనదేశంలో రెండు, నాలుగు శనివారాలు బ్యాంకులకు సెలవన్నది ఇక్కడ పెద్ద లెక్కలోకి రాదు, డబ్బు అప్పటికి ఇక్కడిదాకా రానే రాదు. నెలాఖరు జీతాలకు ఈ డబ్బే ఆధారమైతే, గడువును తేదీగా కాకుండా "నెలలో చివరి మంగళవారం లోపు ఆమోదం" అని బిల్లు మీద రాయించుకోండి.

7. రంజాన్‌కు వేరే పట్టిక

సౌదీ కార్మిక చట్టం ప్రకారం రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులకు రోజుకు ఆరు గంటలకు మించి పని ఉండకూడదు. ఆఫీసు పది నుంచి నాలుగు అయితే మనకది పన్నెండున్నర నుంచి ఆరున్నర. చూడ్డానికి ఉమ్మడి సమయం ఒక గంటే తగ్గింది. కానీ ఉపవాసంలో మధ్యాహ్నం తర్వాత పెద్ద నిర్ణయాలు అడిగితే సాగవు. రెండు మీటింగులనూ రియాద్ పదిన్నరకు, మన ఒంటిగంటకు జరపండి. మన భోజనం రెండింటికి పోతుంది, పోనివ్వండి. టెస్టింగు గడువులను ఆ నెలకు ఒకటిన్నర రెట్లు చేయండి.

ఈద్ తేదీ నెలవంకను బట్టి ఖాయమవుతుంది కాబట్టి సెలవుల పట్టికలో ఆ వరస పక్కన "ఒకరోజు ముందూ వెనకా" అని రాసి, ఆ రెండు రోజులనూ కూడా పై ఫార్ములాలోని F, H వరసల్లో చేర్చండి. ప్రకటన వచ్చాక అక్కర్లేనిది తీసేయవచ్చు. సౌదీకి తేదీ మారని సెలవులు రెండు గుర్తుంచుకోవాలి, ఫిబ్రవరి 22 వ్యవస్థాపక దినం, సెప్టెంబరు 23 జాతీయ దినం. మనవైపు 2026 నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం ఆదివారం పడింది. సోమ నుంచి శుక్ర టీములకు ఆ సెలవు లెక్కలోకే రాదు, ఆదివారం డ్యూటీలో ఉన్న మనిషికి మాత్రం వస్తుంది. ఆరోజు కూర్చునేవాళ్లకు కాంప్ ఆఫ్ ఒకటా రెండా అన్నది హెచ్ఆర్‌ను ఇప్పుడే అడిగి రోస్టర్ పక్కన రాసి పెట్టండి.